మినిమలిస్ట్ గది నుంచి మిడ్-సెంచురీ గదికి: అమరిక మార్చకుండా ముందు ఏది మార్చాలి?

తెల్లని గోడలు, నేలకు ఆనుకుని ఉన్న బూడిద రంగు సోఫా, పిడి కూడా కనిపించని నిగనిగలాడే తెల్లని టీవీ యూనిట్, పలుచని రంగు రగ్గు. ఇలాంటి మినిమలిస్ట్ హాలులో సోఫా ఉన్న చోటు సరిగ్గానే ఉంది, నడిచే దారి సరిగ్గానే ఉంది, టీవీ ఉన్న గోడ కూడా సరైనదే. మార్చాలనుకుంటున్నది గది స్వభావాన్ని మాత్రమే. అప్పుడు మన ముందు మూడు దారులు ఉంటాయి: చెక్క సామానుతో మొదలుపెట్టడం, కూర్చునే సామానుతో మొదలుపెట్టడం, లేదా రంగులతో మొదలుపెట్టడం. చివరికి మూడూ ఎంతో కొంత జరగవలసిందే అయినా, ఏది ముందు వస్తుందన్న దానిపైనే మధ్యలో గది ఎలా ఉంటుందో, చేసిన పనిలో ఎంత వృథా అవుతుందో ఆధారపడి ఉంటుంది.

అమరికను కదపకుండా ఈ మార్పు సాధ్యం కావడానికి కారణం, ఈ రెండు శైలులూ దగ్గరి బంధువులు కావడమే. సుమారుగా 1945 నుంచి 1960ల చివరి వరకు సాగిన మిడ్-సెంచురీ శైలి కూడా నగిషీలను వదులుకుంది, ఎత్తు తక్కువ సామానును కోరుకుంది, గది మధ్యలో ఖాళీని గౌరవించింది. తేడా వచ్చేది మరో చోట. మినిమలిస్ట్ సామాను తన కాళ్లను, అతుకులను, పదార్థాన్ని వీలైనంత దాచుకుంటుంది. మిడ్-సెంచురీ సామాను వాటినే ముందుకు తెచ్చి చూపిస్తుంది. డెన్మార్క్ రూపశిల్పి హన్స్ వెగ్నర్ 1949లో రూపొందించిన విష్‌బోన్ కుర్చీలో వెనుక కాళ్లు వంపు తిరుగుతూ పైకి సాగి, వీపు చుట్టూ తిరిగే చెక్కను మోస్తాయి. ఆ కుర్చీలో అందమంతా ఏ భాగం ఏ భాగాన్ని మోస్తున్నదో కంటికి తెలియడంలోనే ఉంది. అమెరికా రూపశిల్పులైన చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు 1940లలో చేసిన ప్లైవుడ్ కుర్చీల్లోనూ చెక్క వంగిన తీరే అలంకారం. అందువల్ల పసుపు కుషన్లు రెండు కొన్నంత మాత్రాన గది మారదు. కాళ్లు కనబడాలి, చెక్క కనబడాలి, ఆ చెక్కకు తగిన వెచ్చని వెలుగు, రంగు దాని చుట్టూ ఉండాలి.

## ముందుగా చూసుకోవలసిన కొలబద్దలు

మొదటిది, నేల ఎంత కనబడుతుంది అన్నది. పెట్టెలా నేలకు అతుక్కున్న సామాను బదులు 15 నుంచి 20 సెంటీమీటర్ల కాళ్లపై నిలిచిన సామాను వస్తే, దాని కింద నుంచి నేల గోడ వరకు సాగుతున్నట్లు కనిపిస్తుంది. శైలి మారిందన్న భావన ఎక్కువగా కలిగేది ఇక్కడే.

రెండవది కొలతలు. అమరిక మారకూడదంటే కొత్త వస్తువు పాత వస్తువు పాదముద్రలో ఇమడాలి. పొడవు, వెడల్పులతో పాటు ఎత్తు కూడా సరిపోవాలి, ఎందుకంటే సోఫా, టీపాయి, టీవీ ఒకదాని ఎత్తుపై మరొకటి ఆధారపడి ఉంటాయి.

మూడవది, చెక్క రంగుకూ గోడ తెలుపుకూ కుదిరే జోడీ. తెలుపులన్నీ ఒకటి కావు. నీలి ఛాయ ఉన్న తెలుపు పక్కన టేకు, వాల్‌నట్ వంటి గోధుమ రంగు చెక్కలను పెడితే గోడ మరింత చల్లగా, చెక్క అతికించినట్లుగా కనిపిస్తాయి. మీగడ రంగుకు కాస్త దగ్గరగా ఉండే తెలుపు ఆ చెక్కను తనలోకి తీసుకుంటుంది.

నాలుగవది నా దృష్టిలో చాలా ముఖ్యమైనది, అయినా చాలామంది పట్టించుకోనిది: మధ్యలో ఆగిపోతే గది ఎలా ఉంటుంది? ఒక్క మార్పు చేసి ఏడాది పాటు ఆగవలసి వచ్చినా గది సగంలో వదిలేసినట్లు కాకుండా, ఆ దశలోనూ నిండుగా ఉండే క్రమాన్ని ఎంచుకోవాలి.

ఈ నాలుగింటినీ ఒక గదిపై పెట్టి చూద్దాం. గది 3.6 మీటర్లు, 4.8 మీటర్లు. పొడవాటి గోడకు 210 సెం.మీ. పొడవు, 90 సెం.మీ. లోతు ఉన్న సోఫా ఉంది. ఎదుటి గోడకు 180 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. లోతు, 40 సెం.మీ. ఎత్తు గల తెల్లని యూనిట్ ఉంది. దానిపైన గోడకు బిగించిన టీవీ కింది అంచు నేల నుంచి 60 సెం.మీ. ఎత్తున ఉంది. మధ్యలో 100 సెం.మీ. చదరపు తెల్లని టీపాయి, కిటికీ పక్కన ఒక తెల్లని కుర్చీ, నేలకు లేత రంగు చెక్క పలకలు.

## మొదటి దారి: చెక్క సామానుతో మొదలుపెట్టడం

ఇక్కడ మారేవి టీవీ యూనిట్, టీపాయి. సోఫా, గోడలు అలాగే ఉంటాయి. గదిలో అతి పొడవైన గట్టి వస్తువు యూనిట్ కనుక, అది కాళ్లపైకి లేచి చెక్క రంగులోకి మారగానే ఎదుటి గోడ మొత్తం మారినట్లు ఉంటుంది. బూడిద రంగు సోఫా చెక్క పక్కన ఇబ్బంది పెట్టదు. నాలుగవ కొలబద్ద ప్రకారం చూస్తే ఇంత నిలకడగా ఆగగలిగే దశ మిగతా రెండు దారుల్లో లేదు.

అయితే మిడ్-సెంచురీ అనగానే మనసులో మెదిలే సైడ్‌బోర్డ్ సాధారణంగా 70 నుంచి 80 సెం.మీ. ఎత్తు ఉంటుంది. మన గదిలో టీవీ కింది అంచు 60 సెం.మీ. దగ్గరే ఉంది కాబట్టి అది టీవీకి అడ్డు వస్తుంది. టీవీని పైకి జరపడం ఒక మార్గమే కానీ, సోఫాలో కూర్చున్నవారి కంటి ఎత్తు నేల నుంచి రమారమి 105 సెం.మీ. ఉంటుంది కనుక, తెర మధ్య భాగం దానికి చాలా పైకి పోతే మెడ నొప్పి తప్పదు. ఈ గదికి 20 సెం.మీ. కాళ్లు, 35 సెం.మీ. పెట్టె, మొత్తం 55 సెం.మీ. ఎత్తు ఉన్న పొడవాటి యూనిట్ సరిపోతుంది. పొడవు 180, లోతు 40 అలాగే ఉంచితే అమరికలో ఒక్క అంగుళం కూడా కదలదు.

యూనిట్ కాళ్లపైకి లేచిన రోజే బయటపడే చిక్కు ఒకటి ఉంది. ఇన్నాళ్లూ పెట్టె వెనుక దాగిన తీగలు, గోడ సాకెట్లు 20 సెం.మీ. ఖాళీలోంచి కనిపిస్తాయి. వాటిని యూనిట్ అడుగు పలకకు క్లిప్పులతో బిగించి, ఒక వెనుక కాలి వెంట ఒకే తీగను కిందికి దించాలి. అలాగే పూర్తిగా మూసుకునే చెక్క తలుపుల వెనుక పెట్టిన సెట్-టాప్ బాక్సుకు రిమోట్ సంకేతం అందదు, వేడి కూడా బయటికి పోదు. సన్నని చెక్క పట్టీలతో చేసిన జారుడు తలుపులు ఈ రెండు ఇబ్బందులనూ తగ్గిస్తాయి, పైగా అవి ఆ కాలపు సామానులో సహజంగా కనిపించేవే.

టీపాయి విషయంలో చదరపుదాని బదులు 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పుతో అంచులు గుండ్రంగా ఉన్నదాన్ని తీసుకోవచ్చు. సోఫా ముందు అంచుకూ యూనిట్‌కూ మధ్య మన గదిలో 230 సెం.మీ. ఉంది. సోఫాకూ టీపాయికీ మధ్య 45 వదిలితే పాత చదరపు టీపాయితో నడిచే దారికి 85 సెం.మీ. మిగిలేది. కొత్తదానితో 125 మిగులుతుంది. ఎత్తు మాత్రం సోఫా సీటుకు సమానంగానో, రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగానో ఉండాలి.

చెక్క ఎంచుకునేటప్పుడు వెనీర్ అనగానే నాసిరకమని తోసిపుచ్చకండి. ఆ కాలంలో పేరున్న సైడ్‌బోర్డులు కూడా చాలావరకు ప్లైవుడ్ వంటి పలకలపై అసలు చెక్క పొరను అంటించి చేసినవే. వెడల్పాటి పలక వంకరపోకుండా నిలవడానికి అది మంచి పద్ధతి. తేడా చూడవలసింది అసలు చెక్క పొరకూ చెక్కలా అచ్చు వేసిన లామినేట్‌కూ మధ్యనే. తలుపు మీద ఒక ముడిని గుర్తుపెట్టుకుని, అదే ముడి మరో తలుపు మీద అచ్చంగా అలాగే మళ్లీ వస్తుందేమో చూడండి. వస్తే అది అచ్చు. మంచి పనిలో ఒక తలుపు మీది గీతలు పక్క తలుపు మీదికి తెగకుండా సాగుతాయి. వెనీర్‌తో ఉన్న ఒకే హద్దు ఏమిటంటే, పొర చాలా పలుచన కాబట్టి గీతలు పడినప్పుడు గట్టిగా ఇసుక కాగితం పట్టకూడదు. పొర అరిగి కింది పలక బయటపడితే దాన్ని తిరిగి కప్పడం కష్టం.

టేకు, వాల్‌నట్ రెండింటిలో ఏది? టేకు తేనె రంగుకు దగ్గర, వాల్‌నట్ ముదురు కాఫీ రంగుకు దగ్గర. లేత నేల ఉన్న మన గదిలో వాల్‌నట్ ఆకారం స్పష్టంగా నిలుస్తుంది. నేల కూడా టేకు రంగులోనే ఉంటే టేకు యూనిట్ నేలలో కలిసిపోతుంది, కాళ్లు కనబడటం వల్ల వచ్చే లాభం పోతుంది. ఇంకో సంగతి: వెలుతురు తగులుతున్న కొద్దీ వాల్‌నట్ లేతబడుతుంది, కొత్త టేకు మొదట చారలు చారలుగా ఉండి క్రమంగా ఒకే ఛాయలోకి వస్తుంది. అందుకే ఇవాళ యూనిట్, రెండేళ్ల తరువాత టీపాయి కొనేవారు రెండింటి రంగు అచ్చంగా కలవాలని పట్టుబట్టనవసరం లేదు. ఒకే జాతి చెక్క అయితే చాలు. కొత్త చెక్క మీద మొదటి కొన్ని నెలలు ఒకే చోట గుడ్డ, పూలకుండీ ఉంచకపోవడం మంచిది, తీసినప్పుడు దాని నీడ అక్కడే మిగిలిపోతుంది.

## రెండవ దారి: కూర్చునే సామానుతో మొదలుపెట్టడం

రోజూ ఒంటికి తగిలే మార్పు ఇది. సోఫా పాడై ఎలాగూ మార్చవలసి ఉంటే ఈ దారే సహజం. సన్నని చేతులు, గట్టిగా నిలిచే కుషన్లు, కిందికి పోనుపోను సన్నబడే కాళ్లు ఉన్న సోఫా అదే 210 సెం.మీ. పొడవులో దొరికితే పాత చోటే కూర్చుంటుంది. చేతులు సన్నబడటం వల్ల అదే పొడవులో కూర్చునే వెడల్పు పెరుగుతుంది కూడా. బదులుగా పోయేది ఒదిగి పడుకునే మెత్తదనం. సాయంత్రమంతా సోఫా మీద వాలి ఉండే ఇంట్లో ఆ తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. అందుకే బొమ్మ చూసి కాకుండా అరగంటైనా కూర్చుని చూసి నిర్ణయించుకోవాలి.

సోఫా బాగానే ఉంది, కాళ్లు మాత్రం మారుస్తామనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఆలోచన మంచిదే, లెక్క చూసుకోకపోతే మాత్రం బెడిసికొడుతుంది. మన గదిలోని సోఫా సీటు ఎత్తు 42 సెం.మీ., దాని కింద 3 సెం.మీ. బుడిపెలు ఉన్నాయి. వాటి స్థానంలో 15 సెం.మీ. కాళ్లు బిగిస్తే సీటు 54 సెం.మీ.కు చేరుతుంది. సగటు ఎత్తు మనిషి పాదాలు నేలకు సరిగా ఆనవు, టీపాయి ఎక్కడో కిందికి పోతుంది. ఈ సోఫాకు కాళ్ల మార్పు పనికిరాదన్నమాట. ఇప్పటి సీటు 34, 35 సెం.మీ. ఉండే బాగా పొట్టి సోఫాలకే ఇది చక్కగా కుదురుతుంది, వాటికి కూడా 10 సెం.మీ. కాళ్లు మించకూడదు.

కుదిరే సోఫా అయినా దాన్ని తిరగేసి అడుగున ఉన్న నల్లగుడ్డను వేలితో నొక్కి చూడాలి. కాలి మర దిగే చోట గట్టి చెక్క దూలం తగలాలి. అట్టముక్కలా వంగితే అక్కడ కాలు నిలవదు. 2 మీటర్ల సోఫాకు నాలుగు మూలలతో పాటు నడుమ కూడా ఒక ఆధారం ఉంటుంది, కొత్త కాళ్లతో సమానమైన ఎత్తున దాన్నీ మార్చాలి. అది మరచిపోతే మొదట ఏమీ తెలియదు. కొన్ని నెలలకు కూర్చున్న ఇద్దరూ మధ్యకు జారుతున్నట్లు అనిపించడం మొదలవుతుంది.

విడి కుర్చీ విషయంలో జాగ్రత్త వేరు. ఆ శైలి వాలు కుర్చీలకు వీపు వెనక్కి వాలి, కాళ్లు బయటికి చాచి ఉంటాయి. కూర్చునే భాగం చిన్నదిగా కనిపించినా నేలపై 75, 80 సెం.మీ. చోటు కావాలి, వీపు గోడకు తగలకుండా మరో 10 సెం.మీ. వదలాలి. మన గదిలోని తెల్లని కుర్చీ 65 సెం.మీ. చదరంలో ఇమిడింది. కొనే ముందు నేల మీద టేపుతో కొత్త కొలత అంటించి రెండు రోజులు దాని చుట్టూ తిరిగి చూస్తే, చాచిన కాళ్లు దారిలోకి వస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. ఆ కాలపు అసలు కుర్చీని తీసుకునేవారు చెక్కతో పాటు సీటు కింద సాగదీసి కట్టిన రబ్బరు పట్టీలను కూడా చూడాలి. వాటిని వేళ్లతో వంచినప్పుడు పగుళ్లు కనిపిస్తే పట్టీలు మార్చాలి, నురుగు పొడిపొడిగా రాలితే కుషన్లు కూడా మార్చాలి. చెక్క చట్రం గట్టిగా ఉంటే ఇవి చేయించుకోదగిన పనులే.

## మూడవ దారి: రంగులతో మొదలుపెట్టడం

తేలికైనదిగా కనిపించేది ఇదే, అందుకే ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు. నేనూ అలాగే చేశాను. తెల్లని యూనిట్ ఇంకా గదిలో ఉండగానే సోఫా వెనుక గోడకు ఆలివ్ రంగు ఎంచుకున్నాను. నిగనిగలాడే తెలుపు పక్కన నమూనా చాలా ముదురుగా కనిపించడంతో రెండు మెట్లు లేతదాన్ని వేయించాను. ఏడాది తరువాత వాల్‌నట్ యూనిట్, టీపాయి వచ్చి గదిలోని తెలుపు తగ్గగానే అదే గోడ వెలిసిపోయినట్లు కనిపించింది, మళ్లీ వేయించవలసి వచ్చింది. రంగును మన కన్ను ఒంటరిగా చూడదు, పక్కనున్నదానితో పోల్చి చూస్తుంది. పక్కనున్నదే మారబోతున్నప్పుడు గోడ రంగు ముందుగా నిర్ణయించడం గాలిలో కొలత తీయడమే.

ఈ దారిలో ముందుగా చేయదగినవి గోడ కానివి: రగ్గు, కర్టెన్లు, కుషన్లు, అన్నిటికన్నా ముందు దీపాలు. 4000 కెల్విన్ చల్లని వెలుగులో ఆవ పసుపు కాస్త పచ్చిగా, వాల్‌నట్ బూడిదగా తోస్తాయి. 2700 కెల్విన్ వెచ్చని ఎల్‌ఈడీలు, అందులోనూ రంగులను ఎంత నిజంగా చూపుతాయో తెలిపే సీఆర్‌ఐ సూచిక 90కి పైన ఉన్నవి పెడితే అదే చెక్క మళ్లీ బతుకుతుంది. కొనడానికి ముందే బల్బులు మార్చి నమూనాలను ఆ వెలుగులో చూడటం అన్ని దారుల వారికీ పనికివచ్చే సలహా.

రంగుల సంఖ్యలో సంయమనం అవసరం. ఆవ పసుపు, ఇటుక ఎరుపు, ఆలివ్, నెమలికంఠం రంగు, ఇవన్నీ ఆ కాలానివే అయినా అన్నీ ఒకే గదిలోకి వస్తే అది నాటకానికి వేసిన రంగస్థలంలా ఉంటుంది. ఒక రంగు పెద్దగా, ఇంకొకటి చిన్నగా, మిగతాదంతా చెక్కకు వదిలిపెట్టడం నాకు నచ్చిన పద్ధతి. మన గదిలో రగ్గు ఇటుక రంగులో, విడి కుర్చీ ఆలివ్‌లో ఉంటే సోఫా బూడిద రంగులోనే ఉండవచ్చు, ఆ బూడిదలో నీలి ఛాయ లేకపోతే. ఆ సంగతి తెలుసుకోవడానికి సోఫా గుడ్డపై మామూలు తెల్ల కాగితం పరిచి పగటి వెలుతురులో చూస్తే చాలు, గుడ్డ ఏ రంగు వైపు మొగ్గుతోందో కనిపిస్తుంది.

## మూడు దారులూ పక్కపక్కన

| చూడవలసినది | చెక్క ముందు | కూర్చునేవి ముందు | రంగు ముందు |
|---|---|---|---|
| నేల కనబడటం | బాగా పెరుగుతుంది | పెరుగుతుంది | మారదు |
| కొలతల చిక్కు | టీవీ ఎత్తు, తీగలు | సీటు ఎత్తు, కుర్చీ వాలు | దాదాపు లేదు |
| మధ్యలో ఆగితే | గది నిండుగా ఉంటుంది | తెల్ల యూనిట్ ఎదురుగా కొట్టొచ్చినట్లు ఉంటుంది | పాత సామాను మీద కొత్త రంగు అతికినట్లు ఉంటుంది |
| వృథా అయ్యే అవకాశం | తక్కువ | సోఫా బాగున్నవారికి ఎక్కువ | గోడ రంగు మళ్లీ వేయవలసి రావచ్చు |
| వెనక్కి తీసుకోవడం | కష్టం | కష్టం | తేలిక |

## ఎవరికి ఏది

సోఫా ఇంకా బాగున్నవారికి నేను సందేహం లేకుండా చెక్క దారినే చెబుతాను. యూనిట్ ఒక్కటే మార్చి ఏడాది ఆగినా గది వెలితిగా ఉండదు, తరువాతి నిర్ణయాలన్నిటికీ ఆ చెక్కే ఆధారం అవుతుంది.

సోఫా కుంగిపోయినవారు రెండవ దారిలో వెళ్లవచ్చు. కానీ సోఫా కాళ్ల చెక్క ఏదో ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే తరువాత వచ్చే యూనిట్ దానికి కట్టుబడి ఉండాలి. కాళ్లు నల్లని ఇనుపవైతే ఈ బంధం ఉండదు, అది ఒక వెసులుబాటు.

అద్దె ఇంట్లో గోడలకు రంగు వేయలేనివారు, లేదా ఈ శైలి తమకు నప్పుతుందో లేదో తేలనివారు దీపాలు, రగ్గు, ఒక విడి కుర్చీ, ఈ మూడింటితో ఆగడం మేలు. ఆ కుర్చీ ఒక్కటే కాళ్లనూ చెక్కనూ గదిలోకి తెస్తుంది, ఇల్లు మారినా వెంట వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో బయటికి చాచిన కాళ్లు, గాజు పలక టీపాయి రెండూ ఇబ్బందే. నిటారు కాళ్లు, గుండ్రని అంచులు ఉన్న చెక్క టీపాయి కూడా ఆ శైలికి పూర్తిగా చెందినదే.

అన్నీ ఒకేసారి మార్చగలిగినవారు కూడా గోడను మాత్రం చివరకు ఉంచాలి. సామాను వచ్చి, వెచ్చని దీపాలు వెలిగాక, సుమారు 60 సెం.మీ. చదరపు అట్టకు రంగు రెండు పూతలు వేసి, దాన్ని యూనిట్ వెనుక గోడకు ఆనించి పెట్టండి. ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక మూడు పూటలా చూడండి. యూనిట్ పై అంచు అట్ట ముందు గీత గీసినట్లు స్పష్టంగా కనిపిస్తే ఆ ఛాయ సరైనది. చెక్కా అట్టా ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే ఒక మెట్టు లేతదాన్ని తీసుకుని మళ్లీ చూడండి.